మీ గుండెకు ఎవరి కొలబద్ద?

ఆరోగ్య పరీక్షల నివేదిక చివర 'రాబోయే పదేళ్లలో గుండెజబ్బు ముప్పు ఇంత శాతం' అని ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. కొలెస్ట్రాల్ వలె అది రక్తంలో కొలిచిన అంకె కాదు, లెక్కకట్టిన అంచనా. ఎవరిని చూసి ఆ లెక్క కట్టారో తెలిస్తేనే దానిని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో 1948లో 5,209 మందితో ఒక అధ్యయనం మొదలైంది. వారిలో దాదాపు అందరూ తెల్లజాతివారే. వారినీ, వారి సంతానాన్నీ దశాబ్దాల పాటు గమనించి, 2008లో ప్రకటించిన పట్టికలో వయస్సు, లింగం, మొత్తం కొలెస్ట్రాల్, మంచి కొలెస్ట్రాల్, రక్తపోటు, దానికి మందు వాడకం, పొగతాగడం, మధుమేహం అనే అంశాలకు మార్కులు కేటాయించారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 42 ఏళ్ల తెలుగు పురుషుడు. పొగతాగడు, మధుమేహం లేదు. మొత్తం కొలెస్ట్రాల్ 190, మంచి కొలెస్ట్రాల్ 38. మందులేవీ వాడకుండానే పై రక్తపోటు 128. వయస్సుకు 5, రెండు కొలెస్ట్రాల్ అంకెలకు చెరొకటి, రక్తపోటుకు సున్నా. మొత్తం 7 మార్కులు. పట్టిక ప్రకారం ముప్పు 5.6 శాతం. అంటే ఇటువంటివారు వందమంది ఉంటే, పదేళ్లలో అయిదారుగురికి గుండెపోటు, పక్షవాతం వంటివి రావచ్చునని అర్థం.

ఇప్పుడు అతని తండ్రికి 48వ ఏట గుండెపోటు వచ్చిందనుకోండి. ఆ సంగతి వ్రాయడానికి పట్టికలో గడియే లేదు. నా వైద్యవృత్తిలో నేను రోగిని మొట్టమొదట అడిగే ప్రశ్న అదే!

అంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. పొగ, రక్తపోటు ఎక్కడైనా హాని చేసేవే. కానీ మార్కులను శాతంగా మార్చేటప్పుడు ఫ్రామింగ్‌హామ్ ప్రజల సగటు ముప్పు ఆ లెక్కలో కలిసిపోతుంది. ప్రజలు మారితే ఆ సగటూ మారుతుంది. హోనొలులులోని జపాన్ సంతతి పురుషులకు ఫ్రామింగ్‌హామ్ లెక్క ముప్పును ఎక్కువగా చూపింది. దక్షిణాసియా సంతతివారికి తక్కువగా చూపే ప్రమాదం ఉన్నదని బ్రిటన్ వైద్యులు గుర్తించారు. అక్కడి 2008 నాటి మార్గదర్శకాలు, ఫ్రామింగ్‌హామ్ పాత సూత్రంతో వచ్చిన అంకెను దక్షిణాసియా పురుషులకు 1.4తోనూ, తండ్రికో సోదరునికో చిన్నవయస్సులో గుండెజబ్బు వచ్చి ఉంటే 1.5తోనూ హెచ్చించమన్నాయి. తేడా ఎంతో తెలియడానికి మన ఉదాహరణకు అవే హెచ్చింపులు వేస్తే 5.6 కాస్తా దాదాపు 12 అవుతుంది. కొలెస్ట్రాల్ మారలేదు, రక్తపోటు మారలేదు; మారినది కొలబద్ద మాత్రమే.

ఈ హెచ్చింపు ముతక సవరణే. తరువాత వచ్చిన బ్రిటన్ క్యూరిస్క్ లెక్కలో జాతి మూలాన్నీ, కుటుంబ చరిత్రనూ సూత్రంలోనే చేర్చారు. అయితే అదికూడా బ్రిటన్‌లో నివసించేవారిని చూసి కట్టినదే.

కాబట్టి నివేదికలో 'తక్కువ ముప్పు' అని కనబడితే, అది ఏ లెక్కతో వచ్చిందో మీ వైద్యుని అడగండి. ఇంట్లో ఎవరికి ఏ వయస్సులో గుండెపోటు వచ్చిందో, ఆయన అడగకపోయినా, మీరే చెప్పండి.