బంతిలో పక్క మనిషితో మొదటి మాట

మాది పత్తికొండ పక్క సుగాలి తాండా. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మాలాంటోళ్ళం చుట్టాల పెళ్ళికి పోతే పాటకు ఎగురుతాం, వడ్డిస్తాం, అంతా బాగనే ఉంటుంది. బంతిలో కూర్చున్నప్పుడే చిక్కు. ఇటుపక్క ఎవరో, అటుపక్క ఎవరో. వెంటనే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది.

సిగ్గొక్కటే కాదు దానికి కారణం. టౌన్లో రూము అడగడానికి పోతే ఓనరు మొదట అడిగేది "ఇంటిపేరేంది?" అనే. చెప్పినాక "రూము ఇచ్చేసినాం" అంటారు. అట్ల రెండుమూడు సార్లయినాక ఎవరు ఆ మాట అడిగినా గొంతు పట్టేస్తుంది. కానీ తాండా పెళ్ళిలో అదే ప్రశ్న వేరు. ఆడ ఇంటిపేరు అడిగేది నువ్వు తనకు ఏమవుతావో తెలుసుకోడానికి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మాట్లాడడం సులువు.

మొదటి మాట ఆకు మీద నీళ్ళు చల్లుకునే లోపే పడాల. అన్నం వచ్చినాక పెద్దోళ్ళు నాలుగు ముద్దలు తినేదాకా కదిలించకూడదు. పెద్దాయనైతే "రామ్ రామ్ కాకా", పెద్దామైతే "రామ్ రామ్ యాడీ". అటునుంచి "రామ్ రామ్" వస్తే మనోళ్ళే. "నమస్తే బాబూ" అని వస్తే పెళ్ళికొడుకు స్నేహితులో, ఊరోళ్ళో అనుకుని తెలుగులో సాగించడమే. ఐదో తరగతి నుంచి గురుకులంలో ఉన్న మాకు గోర్‌బోలి తడబడుతుంది. ఆ రెండు మాటలు చాలు, మిగతాది తెలుగులో అడిగినా ఎవరూ ఏమనుకోరు.

రెండో మాట "మనది ఏ తాండా?". "మీది" అనొద్దు. "మీది" అంటే విచారణ మాదిరి ఉంటుంది, "మనది" అంటే ముందే కలుపుకున్నట్టు. వాళ్ళు చెప్పగానే మన తాండా మనం చెప్పాల. ఆపైన "పెళ్ళికూతురు మా పిన్నమ్మ కూతురు. మీరు ఎట్ల అవుతారు?" అని మన వరస ముందు బయటపెట్టి వాళ్ళది అడగాల. మనం ఏమీ చెప్పకుండా అడుగుతా పోతే పోలీసోళ్ళ లెక్క అనిపిస్తుంది.

పోయినేడు ఎండాకాలం పిన్నమ్మ కూతురి పెళ్ళిలో మా పక్కన బళ్ళారి వైపు నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. తెలుగు కొంచెం, కన్నడం ఎక్కువ. ఆయన ఇంటిపేరు రాథోడ్. మాది భూక్యా అన్నాం. ఆయన తింటాన్నోడు ఆగి, "అయితే మనం అన్నదమ్ములోళ్ళమే కదప్పా" అన్నాడు. నిజమే, భూక్యా వాళ్ళు రాథోడ్ గోత్రం కిందికే వస్తారు. ఇక్కడ ఇంటిపేర్లు వాడతాం, అటువైపు చాలామంది గోత్రాన్నే ఇంటిపేరుగా రాసుకుంటారు. గోత్రం ఒకటైతే పెళ్ళి సంబంధం లేదు, కాకా కాకాగానే ఉంటాడు. వేరే గోత్రమైతే కాకా కాస్తా మామా అవుతాడు, మాటల్లో ఎగతాళి కూడా చెల్లుతుంది. పెద్దోళ్ళు మొదట గోత్రం తేల్చుకునేది అందుకే. బంతిలో ఎదురుగా కూర్చున్న అమ్మాయితో ఎట్ల మాట్లాడాలో కూడా దాంతోనే తేలిపోతుంది.

ఆయన కూతురు ఇంటర్ చదువుతాందంట. మేం ఎస్టీ హాస్టల్ సంగతి చెప్తావుంటే ఆయన "మేం ఎస్సీ కదా" అన్నాడు. పక్కనున్న మా తమ్ముడు అయోమయంగా చూసినాడు. ఆంధ్రాలో సుగాలీలు ఎస్టీ, కర్ణాటకలో లంబాణీలు ఎస్సీ. మహారాష్ట్రలో ఆ రెండూ కాదు, విముక్త జాతుల జాబితా. బోర్డరు దాటితే సర్టిఫికెట్ మారుతుంది. ఆ ఒక్క సంగతి మీదే మజ్జిగ వచ్చేదాకా మాట్లాడుకున్నాం.

మా దిక్కు ఒక మాట మాత్రం ముందే అడగొద్దు: "ఏం పని చేస్తారు?". మిరప కోతలకు గుంటూరు పోయొచ్చిన ఇల్లు ఎన్నో. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినాల. దానికి బదులు "మీ దిక్కు వాన పడిందా?", "బోర్లో నీళ్ళుండాయా?" అంటే చాలు, కర్నూలు, కడప మనిషి ఎవరైనా మాట అందుకుంటాడు. గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు ఫిబ్రవరిలో పోయినారా అని అడిగినా మాట కదులుతుంది. గోర్ కానోళ్ళను మాత్రం మనం ఇంటిపేరు అడగం. ఆ ప్రశ్న వాళ్ళ చెవికి ఎట్ల వినపడుతుందో మనకు తెలుసు.

అవతలి మనిషి "ఆ", "ఊ" అంటా వడ్డించేవాళ్ళ దిక్కే చూస్తాంటే ఆపేయాల. నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపి మన తిండి మనం తినాల. కొందరు పొద్దున్నించి బస్సులో వచ్చి ఆకలి మీద ఉంటారు.