ఎనిమిది వారాల్లో మూడు ఒక్క అధ్యాయానికే

మా పిన్ని కూతురు ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్షకి ఎనిమిది వారాల ప్లాన్ అడిగింది. ఆరు అధ్యాయాలనీ సమానంగా పంచుకోవద్దన్నాను. 4.0 సిలబస్ ప్రకారం 40 ప్రశ్నల్లో 11 నాలుగో అధ్యాయం నుంచే వస్తాయి. పాసవడానికి 26 మార్కులు కావాలి.

మొదటి వారం ఒకటో అధ్యాయం, రెండో వారం రెండూ మూడూ. తర్వాత మూడు వారాలూ నాలుగోదే, అదీ పెన్నూ కాగితంతో. ఎందుకంటే అక్కడ చదివితే సరిపోదు, చేసి చూడాలి.

ఉదాహరణకి, 60 ఏళ్లు, ఆపై వాళ్లకి టికెట్‌లో రాయితీ. టూ వాల్యూ పద్ధతిలో 59, 60 పరీక్షిస్తాం. ప్రోగ్రామర్ పొరపాటున `age >= 60` బదులు `age == 60` రాస్తే? 59కి రాయితీ రాదు, 60కి వస్తుంది. రెండు టెస్టులూ పాస్, బగ్ మాత్రం లోపలే ఉంది! త్రీ వాల్యూలో 59కీ 60కీ చెరో రెండు పక్క విలువలూ కలుస్తాయి కాబట్టి 58, 59, 60, 61 అవుతాయి. 61 దగ్గర బగ్ దొరికిపోతుంది. పాత పుస్తకాల్లో ఈ లెక్క వేరుగా ఉండొచ్చు, అందుకే 4.0 సిలబస్‌నే నమ్ముకోమన్నాను.

ఆరు, ఏడు వారాలు ఐదో అధ్యాయానికి. అందులో ఎస్టిమేషన్ లెక్కలు వదలకూడదు. ఆరోది ఒక సాయంత్రం చాలు, రెండే ప్రశ్నలు. చివరి వారం ఐఎస్‌టీక్యూబీ సైట్‌లోని ఉచిత నమూనా పేపర్లు, గంట టైమ్ పెట్టుకుని. తప్పిన ప్రతి ప్రశ్నకీ జవాబుల ఫైల్లో వివరణ ఉంటుంది, అది తప్పకుండా చదవాలి.