ఆ పెట్టెలో ఏముంది?

"ఇంతకీ ఆ పెట్టెలో ఏముందండీ?" అని ఒక విద్యార్థి నన్ను నిలదీశాడు. 1998లో వచ్చిన 'రోనిన్' చిత్రం గురించి. దర్శకుడు ఫ్రాంకెన్‌హైమర్ చివరిదాకా చెప్పలేదు. చెప్పనక్కరలేదనే నేనంటాను.

పాత్రలను పరుగెత్తించే ఇలాంటి వస్తువును హిచ్‌కాక్ 'మెగఫిన్' అనేవాడు. పాత్రలకది ప్రాణం, కథకుడికి వట్టి సాకు. ఈ చిత్రంలో ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక కొలువులు పోయిన గూఢచారులు కూలికి కుదురుతారు. పెట్టెలో ఏముందని శామ్ అడిగితే, కూలికి పిలిచిన డీర్‌డ్రి చెప్పదు. చేసే పనిలో ఫలమేమిటో పనివాడికి తెలియనక్కరలేదన్నమాట! దానికై ఎవరు ఎంత ఇస్తారో, ఎవరు ఎవరిని చంపుతారో, అంతవరకే మనకు తెలుస్తుంది. మార్క్సు మాటల్లో, మారకపు విలువ తెరనిండా ఉంది; ఉపయోగపు విలువ జాడ లేదు. మూత తీస్తే అది వజ్రాలో, కాగితాలో అయి చప్పబడిపోతుంది. చివర శామ్ కూడా తాను వచ్చింది పెట్టె కోసం కాదు, షేమస్ కోసమంటాడు.

కాని ఈ దాపరికం అన్నిచోట్లా చెల్లదు. పెట్టెలో ఒక ఊరిని బతికించే మందు ఉందనుకోండి. దాన్ని కాజేసినవాడిమీద మన తీర్పే మారిపోతుంది. అలాంటి కథలో మూత తీయకపోతే అది ప్రేక్షకుణ్ణి మోసగించడమే.