కవర్ మీద పేరు లేని మనిషి

"ఫొటో: గూగుల్." చిన్న పత్రికల్లో, సొంతంగా అచ్చేసుకునే కథల సంపుటాల్లో ఈ రెండు మాటలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. గూగుల్ ఏ రోజూ తెల్లారి అయిదింటికి లేచి సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గరికి వెళ్ళి, బస్సులు అడ్డం రాని ఆ పది నిమిషాల కోసం కాచుకుని కూర్చోలేదు. వెళ్ళింది ఎవరో ఒక మనిషి.

అలాంటి మనిషి ఒకడు నాకు తెలుసు. మారేడుపల్లిలో ఉంటాడు. వారమంతా బ్యాంకు ఉద్యోగం, ఆదివారాలు కెమెరా. తీసినవాటిలో మంచివి వికీమీడియా కామన్స్‌లో పెడతాడు, ఎవరైనా వాడుకోవచ్చని. ఒకసారి పుస్తకాల షాపులో తన ఫొటోనే ఒక పుస్తకం అట్ట మీద చూశాడు. లోపల వెతికితే "ముఖచిత్రం" అన్నచోట ఇంకెవరిదో పేరు. వాడికి కోపం కన్నా చిన్నబోవడమే ఎక్కువ. "డబ్బులు వద్దన్నది నేనే కదరా. పేరు కూడా వద్దన్నానా?" అన్నాడు.

ఈ విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది నాకు. ఉచితం అంటే ధర లేదని. షరతు లేదని కాదు.

నేను అప్పుడప్పుడూ స్నేహితుల పుస్తకాలకి కవర్లు చేస్తుంటాను. సికింద్రాబాద్ మీద ఆరుగురం రాసిన వ్యాసాల్ని ఒక చిన్న పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు కవర్ పని నాకే పడింది. క్లాక్ టవర్ ఫొటో, దాని మీద పెద్దక్షరాల్లో పేరు, పుస్తకానికి వెల. ఈ మూడిట్లో మూడోది చాలామంది మర్చిపోతారు. వెల ఉందంటే వ్యాపారం కిందే లెక్క. "పర్సనల్ యూజ్‌కి ఫ్రీ" అని రాసినవన్నీ అక్కడే పక్కకి పోతాయి. లైసెన్సు పేరులో NC ఉన్న ఫొటోలూ అంతే. ND అని ఉంటే మార్పులు చేసి పంచడానికి వీల్లేదు, కాబట్టి దాని మీద పుస్తకం పేరు అద్దే పనీ ఉండదు. కామన్స్‌తో ఒక సుఖం ఏమిటంటే, ఈ రెండు రకాల్నీ అసలు తీసుకోరు.

నేను ఎంచుకున్న ఫొటో కింద CC BY-SA 4.0 అని ఉంది. అది చూడగానే డౌన్‌లోడ్ నొక్కలేదు. ముందు పెట్టినవాడు నిజంగా తీసినవాడేనా అని చూశాను. "సొంత కృతి" అని ఎవరైనా టిక్కు పెట్టొచ్చు. అదే అకౌంట్ నుంచి అదే కెమెరాతో తీసిన ఫొటోలు ఇంకా ఉన్నాయా, ఫైలు పెద్ద సైజులో ఉందా, కెమెరా వివరాలు చెరిగిపోకుండా ఉన్నాయా అన్నవి చూడాలి. ఒకే అకౌంట్‌లో ఒకటి సినిమా పోస్టరు, ఒకటి పేపర్లో వచ్చిన బొమ్మ, అన్నీ చిన్న సైజులే అయితే అనుమానించాల్సిందే. ఆ ఫొటోనే ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే ఇంకా పాత కాపీ ఎక్కడైనా ఉందేమో తెలుస్తుంది. హక్కు లేనివాడు ఇచ్చిన లైసెన్సు ఎంత మంచిదైనా పనికిరాదు. అన్నీ సరిపోయాయి గనక ఆ పేజీని తేదీతో సహా దాచుకున్నాను. తీసినవాళ్ళు తర్వాత మనసు మార్చుకున్నా, ఒకసారి ఇచ్చిన ఈ రకం అనుమతి వెనక్కి పోదు. కానీ అప్పుడు ఇచ్చారని చూపించుకోవాల్సింది మనమే.

ఇక షరతులు. BY అంటే పేరు చెప్పాలి. ఎవరు తీశారు, ఎక్కడి నుంచి తీసుకున్నాం, ఏ లైసెన్సు, మనం ఏం మార్చాం. ఈ చివరిది ఎక్కువగా జారిపోతుంటుంది. మా పుస్తకంలో ఆ లైను ఇలా వచ్చింది, పేరు ఒక్కటి ఇక్కడ తీసేస్తున్నాను:

```
ముఖచిత్రం: ___, వికీమీడియా కామన్స్ నుంచి.
లైసెన్సు: CC BY-SA 4.0
creativecommons.org/licenses/by-sa/4.0/
మార్పులు: అంచులు కత్తిరించి, నలుపు తెలుపు చేసి,
పుస్తకం పేరు చేర్చాం.
```

దీని పైన ఆ ఫొటో పేజీ అడ్రసు కూడా వేశాం. మొత్తం అయిదారు లైన్లు, అంతే.

SA దగ్గర మాలో ఒకావిడ భయపడింది. "మార్చినదాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలంటున్నారు. అంటే నా వ్యాసం కూడా ఎవరైనా అచ్చేసుకోవచ్చా?" అని. అక్కర్లేదు. ఆ షరతు ఫొటోని మార్చి చేసిన దానికి, అంటే మా కవర్ బొమ్మకి. లోపలి వ్యాసాలు ఆ ఫొటోలోంచి పుట్టినవి కావు, వాటి హక్కులు రాసినవాళ్ళవే. కవర్ బొమ్మని మాత్రం ఎవరైనా అదే షరతుల మీద తీసుకోవచ్చు. దానికి ఒప్పుకోలేకపోతే ఇంకో ఫొటో వెతుక్కోవాలి.

పేరు వేయకపోతే ఏమవుతుంది? అనుమతి దానంతటదే రద్దవుతుంది. 4.0లో ఒక వెసులుబాటు ఉంది: తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిచేస్తే అనుమతి మళ్ళీ నిలుస్తుంది. పాత 2.0, 3.0 లైసెన్సుల్లో అది లేదు. అందుకే ఫొటో కింద చివరి అంకె కూడా చదవాలి. వెబ్‌లో అయితే లైను చేర్చడం నిమిషం పని. అచ్చయిన అయిదు వందల కాపీలకి స్టిక్కర్లు అంటించడం అలా కాదు.

అక్షరాల సంగతి ఇంత కష్టం కాలేదు. పేరుకి రామభద్ర వాడాను. అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు మీద వచ్చిన ఫాంటు అది. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందిస్తే సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసింది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. దాని లైసెన్సు SIL Open Font License. ఆ ఫాంటుతో చేసిన పుస్తకం అమ్ముకోవచ్చు, పీడీఎఫ్‌లో పొదగొచ్చు, ఎక్కడా పేరు వేయకపోయినా తప్పులేదు. షరతులు మొదలయ్యేది ఫాంటు ఫైలునే ఇంకొకరికి ఇచ్చేటప్పుడు. దాన్ని విడిగా అమ్మకూడదు. ఇస్తే OFL.txt తో పాటే ఇవ్వాలి. ఎవరైనా ఒక వత్తు నచ్చక సరిచేసి మళ్ళీ విడుదల చేస్తే అదీ ఇదే లైసెన్సు కింద ఉండాలి. OFL.txt మొదట్లో "Reserved Font Name" అని ఉంటే ఆ పేరుతో విడుదల చేయకూడదు, కొత్త పేరు పెట్టుకోవాలి.

"తెలుగు ఫాంట్స్ ఫ్రీ డౌన్‌లోడ్" అని కట్టగట్టి ఇచ్చే జిప్ ఫైళ్ళ సంగతి వేరు. అందులో లైసెన్సు కాగితం లేకపోతే "అడ్డు చెప్పలేదు" అని కాదు అర్థం, "అనుమతి ఇవ్వలేదు" అని. ఫాంటు ఫైలు లోపలే కాపీరైటుకీ లైసెన్సుకీ గళ్ళు ఉంటాయి. విండోస్‌లో ప్రాపర్టీస్‌లోనూ, మాక్‌లో ఫాంట్ బుక్‌లోనూ చూడొచ్చు. అక్కడ ఒక కంపెనీ పేరు, "ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్" కనిపిస్తే, ఆ జిప్‌ని ఫ్రీ అన్నది తయారుచేసినవాళ్ళు కాదన్నమాట.

వెనక అట్ట మీద ఈమెయిలు పక్కన చిన్న కవరు ఐకాన్ కావాలన్నారు. ఫాంట్ ఆసమ్ ఉచిత ఐకాన్ల మీద మళ్ళీ CC BY 4.0 ఉంది. డౌన్‌లోడ్ చేసిన ఫైల్లో ఆ వివరాలు ముందే రాసి ఉంటాయి గనక వెబ్‌లో అది చాలు. అచ్చులోకి వచ్చేసరికి ఆ రాత కనపడదు. ఇంకో లైను చేర్చాలి. ఆ ఒక్క కవరు బొమ్మ కోసమా అని అడిగారు. నేను "ఈమెయిల్" అని తెలుగులో టైపు చేసి ఊరుకున్నాను. వాడని దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ప్రూఫు వచ్చినప్పుడు ప్రెస్ అతను ఆ ఫొటో లైన్లు చూసి, "ఇవి తీసేస్తే రచయితల పరిచయం ఇదే పేజీలో సర్దేయొచ్చు సార్" అన్నాడు. పరిచయాల్నే కుదించాం. మా ఆరుగురి పేర్లూ ఎలాగూ ముందు అట్ట మీద ఉన్నాయి. ఆ ఫొటో తీసినవాడికి ఉన్న చోటు అదొక్కటే.