చి.ల.సౌ. కాని ఒక కార్డు

యానాంలో మా విద్యార్థిని ఒకామె బి.ఏ. పట్టా పుచ్చుకుంది. తండ్రి గోదావరిలో వేటకు పోతాడు. ఆ ఇంట పట్టభద్రురాలు ఆమే మొదలు. తల్లిదండ్రులు ఆమెకిచ్చిన అభినందన కార్డు నాకు చూపించింది.

కార్డుమీద అచ్చయినది ఇంగ్లీషు. వారికి తెలుగే చదవటం రాదు. అందుచేత లోపలి ఖాళీలో పొరుగాయనచేత రాయించారు. చిక్కంతా అక్కడ వచ్చింది. ఆడపిల్లకు రాయాలంటే మన చేతికి ముందుగా తగిలేది "చి.ల.సౌ.", అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. సౌభాగ్యమంటే భర్త బతికి ఉండటమే! దీవెనా అంతే: "దీర్ఘసుమంగళీభవ". చదువుకున్న ఆడపిల్ల కోసం మన మర్యాద ఒక్క మాటయినా దాచి ఉంచలేదు. భాష అమాయకమైనదని నేను అనుకోను.

పొరుగాయన అలవాటు చొప్పున చి.ల.సౌ. అనే మొదలుపెట్టాడట. తల్లి ఆపింది. "ఇది శుభలేఖ కాదు కదండీ" అన్నదట. ఆ మాట కొట్టివేసిన గీత కార్డుమీద అలాగే ఉంది. దాని కింద: "అమ్మాయీ, పదిహేనేళ్లు చదివావు. మాకు చదవటం రాదు. ఇది నువ్వే మాకు చదివి వినిపించు. అమ్మ, నాన్న."

కవరుమీద పేరు పక్కన బి.ఏ. అని తండ్రి పట్టుబట్టి వేయించాడు. ఆ అక్షరాలను నేను ఎక్కువగా చూసింది శుభలేఖల్లో, వరుడి పేరు పక్కన.