తాళం పోయినా యాప్ దక్కింది

తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

మన ఉప్పర్వాహి సంఘం యాప్ నాలుగు నెలలు ఎందుకు ఆగిందని అడుగుతున్నారు. యాప్ చేసిన కుర్రాడి ల్యాప్‌టాప్ పాడైంది. సంతకం పెట్టే కీస్టోర్ ఫైలు అందులోనే ఉండిపోయింది, ఇంకెక్కడా కాపీ లేదు. సంతకం కలవకపోతే పాత యాప్ మీద కొత్తదాన్ని ఫోను ఎక్కించుకోదు.

అదృష్టం, మనది ప్లే యాప్ సైనింగ్‌లో ఉంది. అసలు సంతకం తాళం గూగుల్ దగ్గర, అప్‌లోడ్ తాళం మన దగ్గర. పోయింది రెండోదే. మా బుకింగ్ కౌంటర్లో ముద్ర పోతే పైఆఫీసుకు రాసి కొత్తది తెచ్చుకున్నట్టే, కొత్త తాళం చేసి దాని సర్టిఫికెట్ పంపి మార్పించుకున్నాం. అసలుదే మన చేతిలో ఉండి పోయుంటే వేరే పేరుతో కొత్త యాప్ పెట్టి, అందరిచేతా మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది.

ఇప్పుడు బిల్డ్ సర్వర్‌లో దానంతటదే అవుతుంది. `versionCode` ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. చేత్తో మార్చేటప్పుడు మరిచిపోతే ప్లే తిప్పి పంపేది. కీస్టోర్ కాపీ పెన్‌డ్రైవ్‌లో సంఘం బీరువాలో ఉంది, పాస్‌వర్డ్ కార్యదర్శి దగ్గర. రెండూ ఒకచోట పెట్టనివ్వలేదు, ఆ విషయంలో నేను మొండివాణ్ణే.

కిందటి వారం 14వ వెర్షన్ పది శాతం ఫోన్లకే వదిలాం. పాత ఫోన్లలో చందా పేజీ తెరిస్తే యాప్ మూసుకుపోయింది. వెంటనే ఆపాం. అయితే ఆపితే కొత్త ఫోన్లకు వెళ్లదంతే, వెళ్లినది వెనక్కి రాదు. అందుకే సరిచేసింది 15గా పంపాం. ఆ పది శాతంలో మా ఆవిడ ఫోనూ ఉంది, ముందు తిట్టింది ఆవిడే.