కుడితి పొంగితే ఉడికినట్టు కాదు



మొన్న శుక్రవారం మబేలాలో మా రూమ్‌లో బిర్యానీ వండుకున్నాం. మిగిలింది కవర్లో కట్టి బయట చెత్త డబ్బాలో వేస్తుంటే, మాతో ఉండే తమ్ముడు ఒకడు "అన్నా, ఇదే మన ఊళ్ళో అయితే పందులకి పెట్టేవాళ్ళం" అన్నాడు. వచ్చే నెల వాడు ఇంటికి పోతున్నాడు. పందుల షెడ్డు వేస్తాడట. హోటల్ వేస్టు ఊరికే వస్తుంది, దాణా ఖర్చు ఉండదు అని వాడి లెక్క.

మేమూ ఒకప్పుడు అదే లెక్క వేశాం. ఇక్కడి నుంచి డబ్బు పంపితే మా బావమరిది 14 పందులు పెట్టాడు. రెండు హోటళ్ళ నుంచి, ఒక కళ్యాణ మండపం నుంచి డ్రముల్లో వేస్టు తెచ్చేవాడు. "ఉడికించే పెడుతున్నా బావా" అనేవాడు. నిజమే, ఉడికించేవాడు. డ్రము నిండా పోసి, కింద మంట పెట్టి, అంచుల దగ్గర బుడగలు రాగానే దించేసేవాడు. మధ్యలో అన్నం ముద్ద, మాంసం ముక్కలు పచ్చిగానే ఉండేవి.

ఒకరోజు రెండు పందులు మేత ముట్టలేదు. జ్వరం, ఒకదాని మీద ఒకటి పడి పడుకున్నాయి. చెవులు, పొట్ట కింద ఎర్రగా, తర్వాత నీలంగా మారాయి. తొమ్మిది రోజుల్లో 11 చచ్చిపోయాయి. పశువుల డాక్టరు శాంపిల్ పంపితే స్వైన్ ఫీవర్ అని తేలింది. దానికి టీకా ఉంది, మావాడు వేయించలేదు. కుడితిలో పంది మాంసం ముక్కలు వస్తున్నాయని చెబితే, "దాంతోనే వచ్చి ఉండొచ్చు" అన్నాడాయన.

2020లో అస్సాంలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. ల్యాబు చెబితే గానీ తేడా తెలీదు. దానికి మన దేశంలో టీకా లేదు. మనుషులకి అంటదు గానీ, ఫ్రిజ్‌లో పెట్టిన మాంసంలో, ఉప్పు వేసి ఎండబెట్టిన మాంసంలో నెలల తరబడి బతుకుతుంది. మనం తిని పారేసిన ముక్కే పందికి రోగం.

ఇది పందులతో ఆగదు. 2001లో ఇంగ్లండ్‌లో హెడ్డన్-ఆన్-ది-వాల్ అనే ఊళ్ళో ఒక పందుల ఫారంలో ఉడికించని వేస్టు పెట్టారు. ఉడికించాలని అక్కడ అప్పటికే చట్టం ఉంది. అక్కడి నుంచే గాలికుంటు దేశమంతా పాకిందని విచారణలో తేల్చారు. 60 లక్షలకి పైగా ఆవులు, గొర్రెలు, పందుల్ని చంపాల్సి వచ్చింది. గాలికుంటు అంటే మన ఇంటి గేదెకి కూడా వచ్చేదే. ఆ ఏడాదే అక్కడ హోటల్ వేస్టు పందులకి పెట్టడం పూర్తిగా ఆపేశారు.

అందుకే తమ్ముడికి ఇలా చెప్పాం. ముందు మాంసం వేస్టు, ముఖ్యంగా పంది మాంసం, అసలు తీసుకోకు. తెచ్చినదాంట్లో ప్లాస్టిక్, ఎముకలు, టూత్‌పిక్‌లు ఏరెయ్. డ్రము మూడు వంతుల్లో రెండు వంతులే నింపు. ముద్దలు చిదిపి, కర్ర తేలిగ్గా తిరిగేంత నీళ్ళు పొయ్. మధ్యలో కూడా బుడబుడా మరిగినప్పుడు వాచీ చూసుకో. అక్కడి నుంచి గంటసేపు అడుగంటా కలుపుతూనే ఉండాలి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క 90 డిగ్రీల్లో 60 నిమిషాలు, కలుపుతూ. ఆ గంట కట్టెల ఖర్చు కూడా నీ లెక్కలో రాసుకో, ఊరికే వచ్చే మేత ఏదీ లేదు.

మావాడు చేసిన ఇంకో తప్పు బకెట్. పచ్చి వేస్టు తెచ్చిన బకెట్‌తోనే ఉడికింది తోడి పోసేవాడు. అలా చేస్తే గంట ఉడికించినా దండగ. పచ్చిదానికి ఒక బకెట్, ఉడికినదానికి వేరే బకెట్ ఉండాలి. వేస్టు ఆటో షెడ్డు దగ్గరికి రాకూడదు. చెప్పులు మార్చి, చేతులు కడిగి లోపలికి వెళ్ళాలి.

ఉడికిస్తే అన్నీ పోవు. ఉప్పు పోదు, బూజు విషం పోదు. పచ్చళ్ళు, అప్పడాలు ఎక్కువ పడి, తాగడానికి నీళ్ళు లేకపోతే పంది కళ్ళు కనపడనట్టు తిరిగి, తల గోడకేసి నొక్కి, ఫిట్స్ వచ్చి పడిపోతుంది. తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

చివరిగా, ఎవరికీ చెప్పని మాట ఒకటి. మొదటి రెండు చచ్చాక, డాక్టరు రాకముందే, మావాడు బాగా కనిపించిన రెండింటిని సంతలో అమ్మేశాడు. డబ్బు పోతుందని అమ్మమన్నది ఫోన్లో మేమే. ఒంట్లో రోగం ఉన్న పంది కొన్నాళ్ళు బాగానే కనిపిస్తుందని అప్పుడు తెలీదు. ఆ రెండు ఎవరి షెడ్డులోకి వెళ్ళాయో ఇప్పటికీ తెలీదు. ఒక్కటి మేత మానేసినా ఏదీ అమ్మకండి, కొయ్యకండి, ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

ఊళ్ళో పందులు పెంచేవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే, మీ ఇంట్లో కుడితి ఎంతసేపు మరిగిస్తున్నారో ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి.